రంగ్ క్యా లిఖూఁ?

మా చిన్నదాని రిష్తా కోసం మష్షాతా ఒక బయోడేటా కాగితం ఇచ్చి పోయింది. పేరు, పుట్టిన తేదీ, తాలీమ్, వాలిద్ పేరు, బిరాదరీ, ఎత్తు, రంగు. బిరాదరీ దగ్గర మా ఆయన ‘షేక్’ అని రాసేసి ముందుకు పోయారు. ఒక్క నిమిషం కూడా పట్టలేదు. రంగు గడి దగ్గర మాత్రం ఇల్లంతా ఆగిపోయింది.

“గందుమీ రాయి బేటా” అన్నారు మా అత్తమ్మ, అంటే పిల్లల దాదీమా. గోధుమ రంగు అని. “సాఁవ్లీ అంటే తప్పేముంది అమ్మీజాన్?” అన్నాన్నేను. “సాఁవ్లీ రాస్తే ఫొటో కూడా చూడరు” అని మష్షాతా ఫోన్‌లో కసిరింది. “ఖులతా రంగ్ అని రాయండి, మిగతాది నేను మాట్లాడుకుంటా” అంది. మా చిన్నది మంచం మీద నుంచి లేవకుండానే “కాలీ అని రాయండమ్మీ, పీడా పోతుంది” అంది. నవ్వుతూనే అంది గానీ, దాని చెయ్యి దిండు అంచుని మెలిపెడుతూ ఉంది. నేను చూశాను.

దాని అక్క గోరీ. ఒకే కడుపున, రెండేళ్ల తేడాతో పుట్టారు. పెద్దదానికి రిష్తాలు వచ్చినప్పుడు ఈ గడి నింపడానికి ఎవరికీ ఆలోచన అక్కర్లేకపోయింది.

ఆ రాత్రి నిద్ర పట్టక ఒక లెక్క వేశాను. మనిషి రంగు చెప్పడానికి మా ఇంట్లో ఎన్ని మాటలున్నాయి? గోరా, గోరా చిట్టా, సాఫ్ రంగ్, ఖులతా రంగ్, గందుమీ, సాఁవ్లా, సలోనా, దబా హువా రంగ్, పక్కా రంగ్, కాలా. బయట తెలుగులో మాట్లాడితే ఎరుపు, పసిమి, చామనఛాయ, నలుపు, కారునలుపు. అప్పటికే పదిహేనయ్యాయి. మీ ఇళ్లలో ఇంకో అయిదారు దొరుకుతాయి. ఇన్ని మాటలు ఉండి కూడా నా బిడ్డకు ఒక్కటీ సరిపోలేదెందుకని?

నేను డిగ్రీ కాలేజీలో సోషియాలజీ చెబుతాను. ఇలాంటి సవాల్ వచ్చినప్పుడు నాకు మొదట గుర్తొచ్చే దేశం బ్రెజిల్. మనుషుల రంగుకు మాటలు పుట్టించడంలో వాళ్లు మనకంటే చాలా ముందున్నారు. అక్కడ 1976లో ప్రభుత్వ గణాంక సంస్థ ఇంటింటి సర్వేలో ఒక కొత్త పని చేసింది. మామూలుగా ఇచ్చే నాలుగైదు గడులతో పాటు, “మీ రంగు ఏమిటి?” అని అడిగి, జనం నోటితో చెప్పింది చెప్పినట్టు రాసుకుంది. సుమారు 135 రకాల జవాబులు వచ్చాయి.

ఆ జాబితా చదువుతుంటే అది జనాభా లెక్కలా ఉండదు, ఎవరో వంటింట్లో కూర్చుని చెబుతున్నట్టు ఉంటుంది. పాలు కలిపిన కాఫీ రంగు. దాల్చినచెక్క రంగు. సముద్రపు ఒడ్డున ఎండకి కాలిన రంగు. తెలుపు వైపు లాగే రంగు. దాదాపు నలుపు. ఒకాయన ‘పారిపోయే గాడిద రంగు’ అన్నాడు, అంటే ఫలానా అని చెప్పలేని రంగు అని వాళ్ల సామెత. ‘త్రిగేరా’ అని ఒక మాట ఉంది, త్రిగో అంటే గోధుమ. మా అత్తమ్మ చెప్పిన గందుమీ అక్కడ పోర్చుగీసులో కూర్చుని ఉంది! ‘జాంబో’ అని ఇంకొకటి. అది మన జంబు. పోర్చుగీసు వాళ్లు ఈ వైపు నుంచి పండుతో పాటు పేరు కూడా ఓడల మీద తీసుకుపోయారు, అక్కడ అది ముదురు ఎరుపు కలిసిన గోధుమవర్ణపు మనిషికి పేరైంది.

ఈ 135 మాటలనీ అందరూ సమానంగా వాడతారని కాదు. ఎక్కువమంది నోట వచ్చినవి ఏడెనిమిదే. అందులోనూ దాదాపు మూడో వంతు మంది చెప్పినది ‘మొరేనా’ ఒక్కటే. ఎండకి కాస్త కమిలిన తెల్లమ్మాయి నుంచి బాగా నల్లటి అమ్మాయి దాకా ఎవరినైనా మొరేనా అనొచ్చు. ఎవరికీ కోపం రాదు. అందుకే అంతమంది ఆ నీడలో నిలబడతారు. మన చామనఛాయ చేసే పని కూడా సరిగ్గా అదే కదా.

మాటలు ఎన్ని అన్నదానికంటే, వాటిని ఎలా వాడతారన్నది నాకు ముఖ్యం అనిపిస్తుంది. బహియా రాష్ట్రంలో సాల్వడార్ నగరానికి ఉత్తరాన అరెంబెపె అని ఒక చేపలు పట్టేవాళ్ల ఊరు ఉంది. 1960ల్లో అక్కడికి కాన్రాడ్ కొటాక్ అనే అమెరికన్ పరిశోధకుడు వెళ్లాడు. ఊరి జనాభా 750 దాకా. ఆ కొద్దిమందిలోనే మనుషుల్ని వర్ణించే మాటలు నలభైకి పైగా దొరికాయి. అతనికి వింతగా తోచింది ఆ అంకె కాదు. ఒకే మనిషికి పేరు రోజురోజుకీ మారుతోంది. తన స్నేహితుడొకడు బాగా నల్లనివాడు. ఒకరోజు తనని ‘ఎస్కూరో’ అనుకునేవాడు, అంటే ముదురు రంగు. ఇంకోరోజు ‘ప్రేతో’, నలుపు. మరోరోజు ‘మొరేనో ఎస్కూరో’, ముదురు చామనఛాయ. తెల్లవాడైన కొటాక్‌ని కూడా ఊరివాళ్లు ఒక్క పేరుతో వదల్లేదు.

కొటాక్, అతని గురువు మార్విన్ హ్యారిస్ కలిసి ఆ ఊళ్లో ఒక పరీక్ష పెట్టారు. ఒకే తల్లికీ తండ్రికీ పుట్టిన ముగ్గురు అక్కాచెల్లెళ్ల ఫొటోలు తీసుకుని వంద మందికి చూపించి, ఒక్కొక్కరూ ఏ రకం అని అడిగారు. ముగ్గురికీ ఒకే మాట వాడినవాళ్లు ఆరుగురే. ముగ్గురికి మూడు వేర్వేరు మాటలు చెప్పినవాళ్లు పద్నాలుగు మంది. ఒకే ఇంటి ఆడపిల్లలు! అమెరికాలో ఈ ఫొటోలు చూపిస్తే ఈ ప్రశ్నే పుట్టదు. అక్కడ అక్క నల్లజాతి అయితే చెల్లెలు కూడా నల్లజాతే, అంతే.

అక్కడి ఖాయిదా రంగుది కాదు, నస్ల్‌ది. వంశంలో ఒక్క నల్లవాడున్నా బిడ్డ నల్లవాడే. దీన్ని ‘ఒక్క బొట్టు’ నియమం అంటారు. వర్జీనియా రాష్ట్రం 1924లో దీన్ని కానూన్ చేసి పెట్టింది. వాల్టర్ వైట్ అని నల్లవాళ్ల హక్కుల సంఘాన్ని చాలా ఏళ్లు నడిపిన పెద్దమనిషి ఉండేవాడు. తెల్లటి ఒళ్లు, నీలి కళ్లు, బంగారు రంగు జుట్టు. అయినా ఆయన నల్లవాడే. ‘నల్లవాడు’ అన్న మాట ఆయన ముఖం గురించి చెప్పడం లేదు, ఆయన పుట్టుక గురించి చెబుతోంది. పుట్టుక గురించి చెప్పే మాటలు రెండు మూడు ఉంటే సరిపోతుంది. ఎందుకంటే అవి మనిషి దగ్గర వాదనకు చోటివ్వవు. ముఖం గురించి చెప్పే మాటలు మాత్రం ఎన్నైనా పెరుగుతాయి. ముఖాలు అన్ని ఉన్నాయి కాబట్టి.

హ్యారిస్ తర్వాత ఇంకో పరీక్ష చేశాడు. ఒళ్లు మూడు ఛాయలు, జుట్టు మూడు రకాలు, పెదవులు రెండు, ముక్కు రెండు, ఆడ మగ. వీటిని కలిపితే 72 బొమ్మలు. వంద మందికి చూపిస్తే 492 రకాల పేర్లు వచ్చాయి. ఒళ్లు ఒక్కటే కాదు, జుట్టు కూడా లెక్కే. ముదురు ఒళ్లు, నున్నటి జుట్టు ఉంటే ‘కాబో వెర్దే’. లేత ఒళ్లు, ఎర్రటి ఉంగరాల జుట్టు ఉంటే ‘సరరా’. మన ఆడవాళ్లు “రంగ్ దబా హువా హై, లేకిన్ నాక్ నక్షా అచ్ఛా హై” అంటారు చూడండి. ఇంత పొడుగు వాక్యం అక్కరలేకుండా వాళ్లు ఒక్క మాటలో తేల్చేస్తారు.

మరి రెండు దేశాల్లోనూ గులామీ ఉంది, రెండు చోట్లకీ ఆఫ్రికా నుంచే మనుషుల్ని గొలుసులు వేసి తెచ్చారు. ఒకచోట గీత, ఇంకోచోట ఇన్ని మెట్లు ఎందుకు? కొందరు పోర్చుగీసు వాళ్ల మనసు మెత్తన అంటారు. హ్యారిస్ ఆ మాట ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోను. బ్రెజిల్‌కి దాదాపు 50 లక్షల మందిని బానిసలుగా తెచ్చారు, ఇప్పటి అమెరికా వైపు తెచ్చినవాళ్లు నాలుగు లక్షల దగ్గర. బానిసత్వాన్ని ఆ ఖండాల్లో అందరికంటే చివర, 1888లో రద్దు చేసింది బ్రెజిలే. మెత్తన మనసుకి ఇది దలీల్ కాదు.

హ్యారిస్ చెప్పిన కారణం పని గురించి. పోర్చుగల్ చిన్న దేశం, అక్కడి నుంచి వచ్చిన తెల్లవాళ్లు తక్కువ, ఆడవాళ్లు మరీ తక్కువ. చెరకు తోటల్లో బానిసలు ఉన్నారు, పైన యజమానులు ఉన్నారు. మరి పశువుల్ని మేపేదెవరు? తిండిగింజలు పండించేదెవరు? చెప్పులు కుట్టడం, వడ్రంగం, సిపాయి పని, పారిపోయిన బానిసల్ని పట్టుకొచ్చే పని? వీటికి తెల్లవాళ్లు చాలలేదు. అందుకని తెల్లవాళ్లకీ బానిస స్త్రీలకీ పుట్టిన పిల్లల్ని, విడుదలైన బానిసల్ని మధ్యలో నిలబెట్టారు. అమెరికా దక్షిణాదిలో ఆ పనులన్నిటికీ పేద తెల్లవాళ్లు కావలసినంత మంది ఉన్నారు. మధ్య మెట్టు మీద నల్లవాళ్లకి జాగా ఇవ్వాల్సిన అవసరం రాలేదు. ఇచ్చి ఉంటే ఆ పేద తెల్లవాళ్లే ఊరుకునేవారు కాదు.

లెక్కలు చూస్తే ఇది కళ్లకు కడుతుంది. బ్రెజిల్ మొదటి జనగణన 1872లో జరిగింది. అప్పటికి బానిసలు 15 లక్షలు. బానిసలు కాని నల్లవాళ్లు, మిశ్రమ రంగువాళ్లు 42 లక్షలు. బానిసత్వం ఇంకా నడుస్తూండగానే! అమెరికాలో 1860లో బానిసలు 40 లక్షల దగ్గర, ఆజాద్ నల్లవాళ్లు అయిదు లక్షల లోపు. ఒకచోట నల్లగా ఉంటే బానిసే అని దాదాపు కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఇంకోచోట చెప్పలేం. అందుకే అక్కడ ‘ఎంత నలుపు?’ అని ఇంకాస్త దగ్గరకు వెళ్లి చూడటం మొదలైంది.

గులామీ పోయాక అమెరికాలో రైల్లో ఎవరు ఎక్కడ కూర్చోవాలి, ఎవరు ఎవర్ని పెళ్లాడకూడదు అని రాష్ట్రాలు కానూన్‌లు రాశాయి. కానూన్‌కి గీత కావాలి. ‘కాస్త మొరేనా’ అని రైలు టికెట్ మీద రాయలేరు కదా. బ్రెజిల్ అలాంటి కానూన్‌లు రాయలేదు, కాబట్టి గీత ఎక్కడ గీయాలో తేల్చాల్సిన అవసరం హుకూమత్‌కి రాలేదు. మాటలు వాటి దారిన అవి పెరిగాయి.

ఇంతవరకు క్లాసులో చెప్పినప్పుడల్లా పిల్లల ముఖాలు వెలుగుతాయి. “అయితే బ్రెజిల్ నయం కదా మేడమ్?” అంటారు. అప్పుడు వాళ్లకి ఒక బొమ్మ చూపిస్తాను. మొదెస్తో బ్రోకోస్ 1895లో వేసిన చిత్రం, రియోలోని మ్యూజియంలో ఉంది. ఒక పూరింటి గుమ్మం. ఎడమవైపు బాగా నల్లటి నానీమా, కాళ్లకు చెప్పుల్లేవు, రెండు చేతులూ ఆకాశం వైపు ఎత్తి దువా చేస్తోంది. మధ్యలో ఆమె కూతురు, చామనఛాయ. పక్కన గుమ్మంలో కూర్చున్న తెల్లటి అల్లుడు. కూతురి ఒళ్లో బిడ్డ, తెల్లగా. నానీమా ఎందుకు షుక్రియా చెబుతోందో ఎవరూ వివరించనక్కర్లేదు. మూడు తరాల్లో నలుపు కడిగేసుకోవచ్చు అన్నది ఆ బొమ్మ. జొవావ్ బతీస్తా దె లసెర్దా అనే బ్రెజిల్ శాస్త్రవేత్త 1911లో లండన్ సభకి వెళ్లి, ఇంకో వందేళ్లలో మా దేశంలో నల్లవాళ్లు మిగలరు అని ఈ బొమ్మనే ఉదాహరణగా చూపాడు. యూరప్ నుంచి వలసల్ని రప్పించింది కూడా కొంత ఈ ఆశతోనే.

మా పెద్దది పుట్టినప్పుడు ఆసుపత్రిలో మా అత్తమ్మ అచ్చం అలాగే చేతులెత్తారు. “మాషాఅల్లాహ్, కిత్తీ గోరీ హై!” అన్నారు. రెండేళ్ల తర్వాత చిన్నది పుట్టినప్పుడు “సెహత్ బాగుంటే చాలు” అన్నారు. ఆవిడ దాన్ని తక్కువగా ప్రేమించారని నేనను. రోజూ దాని తలకి నూనె రాసింది ఆవిడే. పసుపూ శనగపిండీ కలిపి రుద్దింది కూడా ఆవిడే.

మెట్లు ఎక్కువైతే కింద ఉన్నవాడికి ఇంకో మెట్టు పైకి జరగాలని ఉంటుంది, పక్కవాడితో కలవాలని ఉండదు. హ్యారిస్ అన్నది ఇదే. సాల్వడార్‌లో 1835 జనవరిలో, రంజాన్ చివరి రోజుల్లో, బానిస ముసల్మానులు తిరగబడ్డారు. మాలే తిరుగుబాటు అంటారు. అందులో కలిసినవాళ్లు ఆఫ్రికాలో పుట్టినవాళ్లే. బ్రెజిల్‌లో పుట్టిన నల్లవాళ్లు, మిశ్రమ రంగువాళ్లు దూరంగా ఉండిపోయారు. వాళ్లు నిలబడిన మెట్టు వేరు. ఇక జీతాల సంగతికొస్తే, నెల్సన్ దో వాలె సిల్వా అనే బ్రెజిల్ సోషియాలజిస్ట్ లెక్కలు తీసి చూస్తే మధ్య రంగువాళ్ల సంపాదనా నల్లవాళ్ల సంపాదనా దగ్గర దగ్గరగానే ఉంది, తెల్లవాళ్లది ఎక్కడో పైన ఉంది. నోటికి నూటముప్ఫై మెట్లు, జేబుకి వచ్చేసరికి రెండే.

ఈ సంగతి గట్టిగా చెప్పి, అక్కడి నల్లవాళ్ల సంఘాలు యూనివర్సిటీల్లో కోటా సాధించుకున్నాయి. 2012లో దేశమంతటికీ కానూన్ వచ్చింది. కోటా అంటే మళ్లీ గడి కావాలి. పారిపోయే గాడిద రంగుకి సీటు ఎలా ఇస్తారు? అంతకు ముందే కోటా మొదలుపెట్టిన బ్రసీలియా యూనివర్సిటీలో ఫొటోలు చూసి తేల్చేవాళ్లు. 2007లో ఒకే పోలిక ఉన్న కవల అన్నదమ్ములు అర్జీ పెట్టారు. ఒకణ్ణి నల్లవాడని ఒప్పుకున్నారు, ఇంకొకణ్ణి కాదన్నారు. గోల అయ్యాక మార్చుకున్నారు, ఫొటో పద్ధతి కూడా వదిలేశారు. ఇప్పుడు చాలాచోట్ల కమిటీ ముందు మనిషి నిలబడాలి. వాళ్లు చూసేది ముఖం, జుట్టు, ఒళ్లు. “మా నానీమా నల్లగా ఉండేది” అని ఫొటో తెస్తే చెల్లదు. బజార్లో పోలీసు, దుకాణంలో కాపలావాడు నీ నానీమాని చూడరు, నిన్నే చూస్తారు కదా అన్నది వాళ్ల తర్కం. అది నాకు న్యాయంగానే తోస్తుంది.

మన దగ్గర దీనికి పూర్తిగా తిరగేసి ఉంటుంది. 2007లో మనకు బీసీ-ఈ కింద నాలుగు శాతం వచ్చింది. సర్టిఫికెట్ కోసం వెళితే తహసీల్దారు ఆఫీసులో ఎవరూ మన ముఖం చూడరు. అబ్బా ఎవరు, దాదా ఎవరు, బడి రికార్డులో బిరాదరీ ఏమని ఉంది, ఇవి చూస్తారు. మా అత్తమ్మ నల్లగా ఉన్నా తెల్లగా ఉన్నా షేకే. దూదేకుల వాళ్లు బీసీ-బీలో ఉంటారు, వాళ్లలో పచ్చటి పసిమి పిల్ల ఉన్నా గుంపు మారదు. పుట్టుక పని బిరాదరీ గడి చేసేస్తోంది, ఒక్క మాటతో, అప్పీలు లేకుండా. అందుకే రంగు గడికి ఆ బరువు లేదు. మా ఇంట్లో నలుగురం నాలుగు మాటలు చెప్పగలిగింది అందుకే.

బయోడేటాలో మా ఆయన చెయ్యి ఒకచోట ఆగలేదు, ఇంకోచోట ఆగిపోయింది. ఆగని చోట అడగాల్సింది ఇంకేదో ఉందని నాకు ఆ రాత్రే తట్టింది. అది ఇంకోసారి రాస్తాను. దాని మీద నా ఖాందాన్‌తో కొట్లాట కూడా ఉంది.

తెల్లారి లేచి రంగు గడిని ఖాళీగా వదిలేసి కాగితం పంపించాను. మధ్యాహ్నానికి మష్షాతా ఫోన్ చేసింది. “గడి ఖాళీగా ఉంది బాజీ. ఫర్వాలేదు, ఫొటో పంపండి, వాళ్లే చూసుకుంటారు” అంది. చిన్నది పక్కనే ఉండి వింది. ఫోన్ తీసి గ్యాలరీ తెరిచి నా ముందు పెట్టింది. మేడ మీద ఎండలో దిగినది ఒకటి, అక్క పెళ్లిలో దీపాల కింద దిగినది ఒకటి, కాలేజీ గేటు దగ్గర వానాకాలంలో దిగినది ఒకటి. మూడిట్లోనూ అదే పిల్ల, మూడు రంగులు.

“ఏది పంపను అమ్మీ?” అంది.